కుర్చీ మారిన సాక్షి

జూన్ మూడో తారీఖు నాకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం రెండు ఉడికిన గుడ్లు, ముందురోజు మిగిలిన రొట్టె తిన్నాను. మా ఆవిడ పోయాక వంటలో నాకు అబ్బిన విద్య గుడ్లు ఉడకబెట్టడం ఒక్కటే. రెండో గుడ్డు పెంకు తీస్తుండగా రేడియో వచ్చి స్టోర్సు గది గుమ్మంలో నిలబడింది.

రేడియో మా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఆరబెట్టే యంత్రం మీద పనిచేస్తుంది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెతో కాసేపు మాట్లాడినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నేను స్టోర్సు గుమాస్తాను. కొంచెం చదువుకున్న పాపానికి యూనియన్ తరఫున అందరి కాగితాలూ రాసిపెడుతుంటాను. ఆ రోజు రేడియో నోరు తెరవలేదు. అప్పుడే అనుకున్నాను, వ్యవహారం పెద్దదేనని.

బల్ల మీద ఒక ఉత్తర్వు పెట్టింది. దుష్ప్రవర్తన రుజువైనందున ఆమెను ఉద్యోగం నుంచి తొలగించారట. అసంతృప్తి ఉంటే పదిహేను రోజుల్లోగా జోనల్ అధికారికి అప్పీలు చేసుకోవచ్చట. గొంతు కోసి, పక్కన దూది కూడా పెట్టే మర్యాద మా సంస్థకు మొదటినుంచీ ఉంది.

జరిగింది ఇది. తనిఖీ అధికారులు రానున్నారు, దుప్పట్లు త్వరగా ఆరాలి. యంత్రంలోంచి మాడువాసన వస్తోందని రేడియో దాన్ని ఆపేసింది. లాండ్రీ మేనేజరు వచ్చి నడపమన్నారు. ఈమె అందరి ముందూ, "అంటుకుంటే మీరొచ్చి ఊదుతారా?" అంది. ఆయన మనసు అక్కడికక్కడే అంటుకుంది. ఆజ్ఞ ధిక్కరించడం, పై అధికారిని అగౌరవపరచడం అని ఛార్జిషీటు ఇచ్చారు.

"ఆ మాట అన్నావా?" అని అడిగాను.

"అన్నాను బాబాయ్. ఇంకా రెండు మాటలు నోటిదాకా వచ్చాయి, మింగేశాను. దానికి మెచ్చుకునేవాళ్ళు లేరు."

"విచారణలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"పక్కన మనిషిని పెట్టుకోవచ్చని నాకెవరు చెప్పారు?"

"ఫిర్యాదు చేసిందెవరు?"

"మేనేజరు గారు."

"విచారణ జరిపింది?"

"ఆయనే."

"సాక్షి?"

"అదీ ఆయనే. కానీ బాబాయ్, ఉన్నమాట చెప్పుకోవాలి, సాక్ష్యం చెప్పేటప్పుడు కుర్చీ మారారు."

గుడ్డు చేతిలోనే ఉండిపోయింది. "మారడమంటే?"

"బల్ల అవతలనుంచి లేచి ఇవతలికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. గొంతు సవరించుకుని నేనన్నదంతా చెప్పారు. మళ్ళీ అటెళ్ళి కూర్చుని, 'సాక్షి నమ్మదగినవాడు' అని రాసుకున్నారు. నేనేదో అడగబోతే, ఇది విచారణమ్మా, కబుర్లు కాదు అన్నారు. యంత్రం చూసే మెకానిక్‌ను పిలవమన్నాను. వాసనలు చూసే పని మనకెందుకన్నారు."

విచారణ నివేదిక కాపీ కూడా ఆమెకు ఇవ్వలేదు. శిక్ష ఖాయమైపోయాక అందులో ఏముందో తెలిసింది. అంతదాకా మేనేజరుగారు ఒంటిచేత్తో న్యాయం మోశారు. ఆయన అలసటను తలుచుకుంటే జాలేసింది.

రేడియో జీతంతోనే వాళ్ళమ్మ మందులు, ఇంటద్దె గడుస్తాయి. పైగా దుష్ప్రవర్తన అని రాసిన కాగితం ఉంటే ఇంకో ఆసుపత్రి ఆమెను గుమ్మం ఎక్కనివ్వదు. అందుకని ఆ సాయంత్రమే అప్పీలు రాయడం మొదలుపెట్టాం.

"ఆయన దున్నపోతని రాయండి," అంది.

"దున్నపోతు మీద అప్పీలు వినే అధికారం జోనల్ అధికారికి లేదమ్మా."

"మరి యంత్రం మాడిందని?"

"అదీ ఒక ముక్క రాద్దాం. కానీ ముందు అడగాల్సింది నువ్వు తప్పు చేశావా లేదా అని కాదు. నిన్ను అడిగిన పద్ధతి సరైనదేనా అని."

ఆమెకు అది నచ్చలేదు. ఇల్లు కాలిందని చెబుతుంటే గుమ్మం కొలతలు అడిగినట్టు చూసింది. అయినా రాశాను: ఫిర్యాదుదారే విచారణాధికారిగా, ఏకైక సాక్షిగా వ్యవహరించారు. సాక్షిని ప్రశ్నించే అవకాశం నాకు ఇవ్వలేదు. సహాయకుడిని తెచ్చుకునే వీలుందని చెప్పలేదు. నేను కోరిన సాక్షిని పిలవలేదు. నివేదిక ఇవ్వకుండా, నా వివరణ కోరకుండా శిక్ష విధించారు. కాబట్టి తొలగింపును రద్దుచేసి, నన్ను పనిలోకి తీసుకోవాలని ప్రార్థన.

కుర్చీ సంగతి చివర్లో చేర్చాను. ఏ విశేషణమూ తగిలించలేదు. అది తనంతట తానే నిలబడగల వాక్యం. టైపు చేసిన అమ్మాయి ఏమీ అడక్కుండా పేజీలకు అంకెలు వేసి, ఒక కాపీ ఎక్కువ తీసింది. జోనల్ ఆఫీసు గుమాస్తా మా కాపీ మీద ముద్ర వేసి వెంటనే తిరిగిచ్చాడు. లోకం మరీ పాడైపోలేదు.

వారం తిరక్కుండా మేనేజరు గారు రేడియోకు కబురుపెట్టి పిలిపించారు. ఆమె నన్నూ తీసుకెళ్ళింది.

"చూడమ్మా, నేను నీకు శత్రువునా?" అన్నారాయన. "అప్పీలు వెనక్కి తీసుకో. క్షమాపణ రాసివ్వు. హెచ్చరికతో సరిపెట్టిస్తాను."

రేడియో కళ్ళలో ఒక్కసారిగా ఇల్లు, అద్దె, అమ్మ అన్నీ కనిపించాయి. నావైపు తిరిగింది. మేనేజరు ముందే నేను మెల్లగా చెప్పాను, "తొలగింపును ఇక రద్దుచేయగలిగింది జోనల్ ఆఫీసే అమ్మా. అప్పీలు పోతే అడగడానికి మనకు తలుపే ఉండదు. తప్పు ఒప్పుకున్న కాగితం మాత్రం వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆపైన నీ ఇష్టం."

ఆమె మళ్ళీ ఆయనవైపు తిరిగింది. "సార్, మీరిప్పుడన్నది ఒక కాగితం మీద రాసిస్తారా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉండబట్టే రాయమంటున్నాను."

ఆయన రాయలేదు. కలంలో సిరా అయిపోయిందేమో, పాపం.

జోనల్ అధికారి ఒక పెద్దావిడ. వినడం మొదలుపెట్టేముందు రేడియో ముందుకు మంచినీళ్ళ గ్లాసు జరిపారు. అప్పీలు మొత్తం చదివి మేనేజరును అడిగారు, "మీరు సాక్ష్యం చెప్పినప్పుడు ప్రశ్నలు ఎవరు వేశారు?"

"నేనేనండి."

"జవాబులు?"

"నేనే."

"మీ జవాబులు మీకు సంతృప్తినిచ్చాయా?"

"పూర్తిగానండి." ఆయన ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు. "నిష్పక్షపాతంగా ఉండాలని కుర్చీ కూడా మారాను మేడం. ఆ మాట నివేదికలో రాశాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆవిడ మాత్రం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఈమెను ప్రశ్నలు వేయనిచ్చారా?"

"వేయనిస్తే ఆపదండి."

రేడియో నోరు తెరిచింది. నేను ఆమెవైపు చూశాను. మూసుకుంది. ఆ క్షణంలో ఆమె చేసిన త్యాగం ఎంతటిదో ఎవరికీ తెలియదు.

పదిరోజులకు ఉత్తర్వు వచ్చింది. విచారణ పక్షపాతరహితంగా జరగలేదు కనుక తొలగింపు రద్దు. ఆమె వెంటనే పనిలో చేరవచ్చు. సంస్థ కోరుకుంటే అదే ఆరోపణ మీద, వేరే విభాగపు అధికారితో కొత్తగా విచారణ జరుపుకోవచ్చు.

రేడియో రెండుసార్లు చదివించుకుంది. "అంటే నేను తప్పు చేయలేదని ఎక్కడా లేదు."

"లేదు."

"మళ్ళీ మొదట్నుంచి అడుగుతారు."

"అడగొచ్చు. కానీ ఈసారి నీ పక్కన నేనుంటాను. మెకానిక్‌ను పిలిపించుకోవచ్చు. మేనేజరు గారు సాక్షిగా వస్తే నువ్వు ప్రశ్నలు వేయొచ్చు."

"ఎన్నైనా?"

"విషయం దాటనంతవరకూ."

ఆమె ముఖంలో ఉద్యోగం తిరిగొచ్చినప్పుడు లేని వెలుగు కనిపించింది.

ఆ రోజే సాయంత్రం షిఫ్టులో చేరింది. దుప్పట్ల లెక్క రాసుకోవడానికి నేనక్కడే ఉన్నాను. ఇంటికెళ్తూ మేనేజరు గారు గుమ్మంలో ఆగి, "మనసులో ఏం పెట్టుకోకమ్మా" అన్నారు.

"పెట్టుకోను సార్. ప్రశ్నలు మాత్రం పెట్టుకున్నాను."

ఆయన నావైపు చూశారు. నేను దుప్పట్లు లెక్కపెడుతున్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

షిఫ్టు అయ్యాక ఆమె యంత్రాలన్నీ ఆపి, చివరి బండిని గోడకు చేర్చింది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడంలేదు. మొదటి ప్రశ్న ఎలా వేయాలో సరిచూసుకుంటోందనుకుంటాను. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా లాండ్రీ తలుపు దగ్గరికి వేసింది.