దీప నోటుబుక్కు

నాచారం ఫ్యాక్టరీలో గంటకు ముప్పై రూపాయల జీతం వదిలేయాలని ఉపేందర్ రాజీనామా కాగితం రాసుకున్నాడు. ఇంటర్నెట్‌లో పండ్ల బొమ్మలకు పేర్లు పెడితే బొమ్మకు రూపాయి. గంటకు అరవై బొమ్మలు చేస్తున్నాడు.

"ఇగ నాకు నేనే మాలిక్‌ను," అన్నాడు.

భార్య దీప వారమంతా రాసిన నోటుబుక్కు తెరిచింది. "ఆరు వందల బొమ్మలు పంపినవ్. రెండు వందలు రిజెక్ట్ జేసిన్రు."

"ఎందుకు?"

"పచ్చగ, గుండ్రంగ ఉన్నదల్లా దోసకాయ అని రాసినవ్. అవి ఖర్బూజలంట."

"అయినా పది గంటలకు నాలుగు వందలు! గంటకు నలభై."

"కొత్త బొమ్మలు వచ్చేదాకా ఇంకో పది గంటలు ఊకెనే కూసున్నవ్. అవి మా నాయిన లెక్కల రాయాల్నా?"

గంటకు ఇరవై అని తేలింది. ఉపేందర్ గడియారం చూశాడు.

"జర జల్ది అన్నం డబ్బా కట్టు. షిఫ్టుకు టైమైతున్నది."