బొత్తాం పక్కన గింజలు

మార్కెట్ గేటు దగ్గర గోడకు ఒక బోర్డు ఉంటుంది. తెలియని కాయ కొన్నారా, ఫోటో పంపండి అని రాసి కింద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు నాది. విత్తన పరీక్షల లాబ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు భూతద్దం కింద గింజలు ఏరి రిటైరయ్యాను. ఖాళీగా ఉన్నాను కదా అని మార్కెట్ సంఘం వాళ్లు ఈ పని నా నెత్తిన పెట్టారు. ఖాళీగా ఉన్న మాట నిజమే కాబట్టి కాదనలేకపోయాను.

నాకో పద్ధతి ఉంది. నాలుగు ఫోటోలు పంపాలి. మొదటిది తొడిమతో సహా మొత్తం కాయ, తొక్క స్పష్టంగా కనపడేలా. రెండోది అడ్డంగా కోసింది. మూడోది నిలువుగా కోసింది. నాలుగోది కడిగిన గింజలు, పక్కన ఒక నాణెం పెట్టి. నాణెం లేకపోతే గింజ ఆవగింజంత ఉందో, చింతగింజంత ఉందో తెలిసి చావదు. ఒక్క ఫోటో పంపి, అదీ మసకగా, 'ఇదేంటి మేడం' అనేవాళ్లను నేను ఊరుకోను. అందుకే మార్కెట్లో నన్ను కోత మేడం అంటారట. కాయలు కోయిస్తాననో, మాటలతో కోస్తాననో నేను అడగలేదు.

పొద్దున ఎనిమిదికి వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను. మధ్యాహ్నందాకా జవాబులు రాస్తాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. బల్లకు రెండు కుర్చీలున్నాయి, రెండోదాని మీద పాత పేపర్లు పెడతాను. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని తినడం నావల్ల కాదు.

దర్జీ మొదటిసారి ఫోటోలు పంపింది పోయిన వానాకాలంలో. పేరు చెప్పలేదు, 'దర్జీ పని చేస్తానండీ, ఒక్కణ్ణే ఉంటాను' అని మాత్రం రాశాడు. సుద్ద గీతలున్న గుడ్డ ముక్క మీద పచ్చటి ముడతల కాయ ఒకటి. సీమ వంకాయ. నాలుగు ఫోటోలూ వరసగా, ఎక్కడా వంక లేకుండా ఉన్నాయి. కాకపోతే గింజ పక్కన నాణెం బదులు చొక్కా బొత్తాం పెట్టాడు. నాణెం పెట్టమంటే బొత్తాం పెడతారేంటి అని గద్దించాను.

"నాణేలు ఎప్పుడు పడితే అప్పుడు మారిపోతుంటాయండీ. ఈ బొత్తాం సైజు నేను పని నేర్చుకున్నప్పటి నుంచీ ఇదే," అని రాశాడు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినట్టు చెప్పలేదు, అది వేరే సంగతి. బొత్తాం అడ్డం కొలత ఎంతో అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అప్పటి నుంచి వారానికో కాయ వచ్చేది. ముళ్లు తేలిన నారింజరంగు దోస జాతిది ఒకటి, లోపలంతా ఆకుపచ్చ జిగురు, ఆ జిగురులో గింజలు. ఇంకో వారం గుడ్డులా నున్నగా ఉన్న ఎర్రటి చెట్టు టమాటా. నేను రెండు ముక్కల్లో తేల్చాల్సిన జవాబును పది ముక్కలు రాసేదాన్ని. ఇది ఏ కుటుంబానిది, గింజలు ఎందుకు చదునుగా ఉన్నాయి, తొక్క ఎందుకు తీసేయాలి. ఆయన మళ్లీ అడిగేవాడు. నేను మళ్లీ రాసేదాన్ని. బుధవారం పొద్దున ఫోన్ మోగితే ఆయనేనని తెలిసి టీ కలుపుకొని మరీ కూర్చునేదాన్ని. అరవై దాటిన మనిషికి ఇదేం పోయేకాలం అని నన్ను నేనే తిట్టుకున్న రోజులూ ఉన్నాయి.

తర్వాత ఒక బుధవారం అవకాడో వచ్చింది. 'ఇప్పుడే కొని కోశానండీ, ఎప్పుడూ చూడలేదు, ఇదేంటి?' అని రాశాడు. గింజలతో నాకున్న పరిచయం చిన్నది కాదు. కోత గోధుమరంగుకు తిరిగి, అంచు లోపలికి ముడుచుకుని ఉంది. పెద్ద గింజ మీది పొర ఎండి పగిలింది. అంటే కోసి ఒక రోజన్నా అయింది. పైగా తొక్క లోపలి వైపు చెంచాతో గీకిన గుర్తులు. ఎప్పుడూ చూడని పండును అంత శుభ్రంగా చెంచాతో ఎవరు తింటారు?

"ఇదేంటో మీకు తెలుసు కదూ?" అని రాశాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "తెలుసండీ. రెండు నెలల నుంచీ తెలిసినవే పంపుతున్నాను. మీరు నాలుగు ముక్కలు రాస్తారు కదా అని. షాపులో కొలతలు తప్ప నాతో ఎవరూ ఏమీ మాట్లాడరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు వేరే పనుల్లేవనుకున్నారా?" అని రాసి ఫోన్ బోర్లా పెట్టేశాను. నిజానికి నాకు వేరే పనుల్లేవు. మండింది అందుకే అనుకుంటాను. ఆయన తన గురించి చెప్పిన మాట నా గురించి కూడా నిజమే, అది ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

రెండు బుధవారాలు ఏమీ రాలేదు. మూడో బుధవారం పదకొండింటికి నాలుగు ఫోటోలు వచ్చాయి. కింద ఇలా ఉంది: "ఇది మాత్రం ఒట్టు, నిజంగా తెలియదండీ. అమ్మినావిడ తెల్లటి గుజ్జు ఉడికించుకుని తినమంది. మీరు సరేనంటే వండుతాను."

చివరి రెండు ఫోటోలు మాత్రమే చూశాను. నిలువు కోతలో ఎర్రటి తొక్క అటూ ఇటూ విప్పి ఉంది, లోపల మీగడరంగు గుజ్జు తొనలు, ఒక్కోదాని చివర ఒక గింజ. తర్వాతి ఫోటోలో బొత్తాం పక్కన మూడు గింజలు, కుంకుడు గింజల్లా నల్లగా మెరుస్తున్నాయి. అకీ. కుంకుడు, లిచీల చుట్టమే. చూడగానే పోల్చుకున్నానన్న గర్వం, ఇంకా చల్లారని కోపం, రెండూ కలిసి నా చేత రెండు ముక్కలే రాయించాయి. "అకీ. గింజలు పారేసి గుజ్జు ఉడికించుకుని తినొచ్చు."

ఆయన "చాలా థాంక్సండీ" అన్నాడు. నేను ఫోన్ పక్కన పడేశాను.

పన్నెండున్నరకి రోజూలాగే నోట్‌బుక్ తీశాను. తొక్క, అడ్డకోత, నిలువుకోత, గింజలు అని నాలుగు గడులుంటాయి. తొక్క గడి నింపడానికి ఆయన మొదటి ఫోటో తెరిచాను.

కాయ మూసి ఉంది. అకీ పండితే చెట్టు మీదే మూడు అతుకుల దగ్గర దానంతటదే విచ్చుకుంటుంది, గింజలు బయటికి తొంగి చూస్తాయి. అలా విచ్చుకున్నాకే తినాలి. విచ్చుకోక ముందు ఆ గుజ్జులో విషం ఉంటుంది, ఉడికించినా అది పూర్తిగా పోదు. వాంతులు పట్టుకుంటాయి, ఒంట్లో చక్కెర పడిపోతుంది, మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఈ కాయకు అతుకులు గట్టిగా కలిసే ఉన్నాయి, ఒక పక్క తొక్క ఇంకా పసుపు పచ్చగానే ఉంది. దాన్ని విప్పింది చెట్టు కాదు, కత్తి. కోయమన్నది నేను. ఎవరికీ సందివ్వని నా కోత పద్ధతే, కోసిన కాయను విచ్చుకున్న కాయలా చూపించి, నా కళ్లు కప్పింది. గింజలు మళ్లీ చూశాను. మూడింటిలో ఒకటి ఇంకా సగం గోధుమరంగే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆయన ఇల్లెక్కడో నాకు తెలియదు. పేరు తెలియదు. ఎనిమిది నెలలుగా ఆయన బొత్తాం అడ్డం కొలత తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. ఆరోసారి రింగు చివర్లో ఎత్తాడు. వెనక కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఎవరండీ?"

"కోత మేడాన్ని. అది తిన్నారా?"

"మీరా!" అన్నాడు. గొంతు నేననుకున్న దానికన్నా ముసలిది. "ఇంకా లేదండీ. ఉడికింది, ప్లేట్లో పెట్టుకున్నా. ఈ చొక్కా కాలరు అయిపోతే తిందామని—"

"రుచన్నా చూశారా? నిజం చెప్పండి."

ఆయన ఆలోచించినంతసేపు నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"లేదండీ. ఒక్కణ్ణే కదా, రుచి చూసి ఎవరికి చెప్పాలి? ఉప్పు వేసుకుని కూర్చున్నాకే తింటాను."

"పారేయండి. ఉడికిన నీళ్లు కూడా పారబోయండి. అది పండలేదు, విషం. తప్పు నాది. మొదటి ఫోటో చూడకుండా చెప్పాను."

"మీరు చూడకుండానా?"

"కోపంలో ఉన్నాను."

"తప్పు నాదేలెండి," అన్నాడు. "తెలిసినవన్నీ అడిగి మిమ్మల్ని విసిగించాను. ఇంకెప్పుడూ ఇబ్బంది పెట్టను."

కాదని చెప్పాలనుకున్నాను. ఈలోగా ఆయన దణ్ణం పెట్టినట్టు ఏదో అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రమే మార్కెట్‌కు వెళ్లి, నలుగురినీ అడిగి, ఆ కాయ అమ్మినావిడను పట్టుకున్నాను. గాలికి పెరట్లో చెట్టు కొమ్మ విరిగిందట, వృథా ఎందుకని కాయలు బుట్టలో వేసుకొచ్చిందట.

"మా ఇంట్లో విచ్చుకున్నవే తింటామమ్మా. చెప్పాలని తోచలేదు," అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. మిగిలినవన్నీ నా ముందే చెత్తలో పోసింది.

"ఇంకెవరన్నా కొన్నారా?"

"లేదు, ఆ దర్జీ ఒక్కడే. అందరూ చూసి పోయారు. ఆయన మాత్రం ఒక్క కాయ కొని అరగంట మాట్లాడాడు."

ఒక బుధవారం గడిచింది. ఇంకో బుధవారం గడిచింది. మసక ఫోటోలు చాలా వచ్చాయి, నాణేలు చాలా వచ్చాయి. టీ కలుపుకుని కూర్చుని, చల్లారాక పారబోశాను. ఏ కాయనైనా పోల్చగలనని విర్రవీగినదాన్ని. ఎదుటి మనిషి ఎనిమిది నెలలు నాలుగేసి ఫోటోల్లో చెప్పింది మాత్రం చదవలేకపోయాను. చదివిన రోజున కసురుకున్నాను.

మూడో బుధవారం పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లి ఒక సీమ వంకాయ కొన్నాను. తొడిమతో ఒక ఫోటో తీశాను. అడ్డంగా కోసి ఒకటి, నిలువుగా కోసి ఒకటి. గింజ తీసి కడిగాను. నాణెం చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. బీరువాలోంచి మా ఆయన నీలం చొక్కా తీసి, ఆరేళ్లలో మొదటిసారి దానికి కత్తెర పెట్టి, ఒక బొత్తాం కోసి గింజ పక్కన పెట్టాను. నాలుగూ దర్జీకి పంపాను.

"ఇప్పుడే కొన్నానండీ. ఎప్పుడూ చూడలేదు. ఇదేంటో చెప్తారా?"

గంట గడిచింది. ఫోన్ తిరగేసి పెట్టాను, మళ్లీ తిప్పాను. రెండో కుర్చీ మీది పేపర్లు ఊరికే సర్దాను.

పదకొండింటికి జవాబు వచ్చింది.

"అడ్డకోతలో గింజ సరిగ్గా పడలేదండీ. ఇలాగైతే చెప్పడం కష్టం. ఇంకో కాయ కోసి మళ్లీ పంపండి. షాపులోనే ఉన్నాను, తొందరేం లేదు."

కుర్చీ మీది పేపర్లు తీసి కింద పెట్టి, చెప్పులేసుకుని మళ్లీ మార్కెట్‌కు బయల్దేరాను.