కార్డుకు వెనకవైపు

చలపతిరావు విజిటింగ్ కార్డు ప్రూఫు చూసి సుబ్రహ్మణ్యానికి చిరాకేసింది. అరచేతిలో సగం లేని ముక్క మీద ఆ మనిషి తన బతుకంతా కుక్కేశాడు. పైన వెంకటేశ్వరస్వామి, పక్కన లక్ష్మీదేవి, కింద సినిమా సంస్థ పేరు, ఆ కింద భీమవరం రొయ్యల చెరువులు, రైస్‌మిల్లు, ఏదో క్లబ్బు మాజీ అధ్యక్ష పదవి, మూడు ఫోన్ నంబర్లు, ఒక ఫ్యాక్సు. ఈ సంతలో అసలు నిర్మాత పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. చుట్టూ పూలతీగ బోర్డరు, సరిగ్గా అంచు మీద. రొయ్యలు అమ్ముకునేవాడికి ఇంతకంటే ఏం తెలుస్తుందని సుబ్రహ్మణ్యం లోపల నవ్వుకున్నాడు. పైకి మాత్రం, "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు.

అనక ఏం చేస్తాడు? ఏళ్ల తరబడి కో-డైరెక్టరుగా ఒకరి వెనక మైకు పట్టుకుని అరిచినవాడికి ఇన్నాళ్లకు దొరికిన నిర్మాత ఇతనే. హీరోగారు డేట్లిస్తే సుబ్రహ్మణ్యం డైరెక్టరవుతాడు. ఇవ్వకపోతే మళ్లీ మైకే.

వాళ్లు కూర్చున్నది శ్రీనగర్ కాలనీలో శౌరి ప్రెస్సులో. ఫిల్మ్‌నగర్‌లో సగం మంది కార్డులు అక్కడే అచ్చవుతాయి.

"ఈ బోర్డరు తీసేయండి సార్. కట్ట పెట్టి కోసేటప్పుడు కత్తి వెంట్రుకవాసి జరిగినా ఒక పక్క తీగ లావుగా, ఇంకో పక్క సన్నగా కనపడుద్ది. చుట్టూ కాస్త ఖాళీ ఒదిలితే ఆ గొడవుండదు" అన్నాడు శౌరి.

"ఖాళీకి కూడా డబ్బులిస్తున్నాం కదండీ, నింపండి" అన్నాడు చలపతిరావు. "పైన తళతళలాడాలి. మా చెరువులో నీళ్లలా మెరవాలి."

"పైన ప్లాస్టిక్ పొర, గ్లాసీ ల్యామినేషనా? ఒకవైపే వేస్తే కార్డు వంకర తిరుగుద్ది, వేస్తే రెండువైపులా వేయాలి. నన్నడిగితే అసలొద్దు. మెరుపులేని ఐవరీ కార్డు మందంది తీసుకోండి, వెనక ఏమీ అచ్చేయకండి. పెన్నుతో ఏదన్నా రాసుకోవచ్చు."

చలపతిరావు సుబ్రహ్మణ్యం వైపు తిరిగాడు. "మీరేమంటారు డైరెక్టరుగారూ? వెనకాల మీ పేరు పెద్దక్షరాలతో వేయిద్దామనుకున్నా. ముందువైపు చోటు లేదు మరి."

సుబ్రహ్మణ్యానికి అన్నీ తెలుసు. హీరోగారు అగ్రిమెంటు కంటే ముందు నిర్మాత కార్డు వెనక తన సొంత ఇంకుపెన్నుతో డేట్లు రాసి సంతకం పెడతారని, అది ఆయన సెంటిమెంటని, వేరే కాగితం ముట్టుకోరని తెలుసు. ఆ ముహూర్తాలు ఎన్నోసార్లు పక్కన నిలబడి చూశాడు. కానీ 'దర్శకత్వం: సుబ్రహ్మణ్యం' అని పెద్దక్షరాల్లో, అచ్చులో! ఆశ వచ్చి నోటి మీద కూర్చుంది.

"వెనక పేరు, రెండువైపులా ల్యామినేషన్ వేయించేయండి. రిచ్‌గా ఉంటుంది" అన్నాడు.

శౌరి ఆర్డరు రాసుకున్నాడు.

మరుసటి వారం జూబ్లీహిల్స్‌లో హీరోగారింటికి వెళ్లారు. కథ నచ్చింది. హీరోగారు చేయి చాపారు, చలపతిరావు కార్డందించాడు. ఆయన తిరగేసి, సుబ్రహ్మణ్యం పేరు కింద ఉన్న జాగాలో పెన్ను పెట్టారు. సిరా అంటుకోలేదు. బొట్లు బొట్లుగా జారింది. మళ్లీ రాశారు. బొటనవేలు తగిలి అంతా అలుక్కుపోయి తెల్లచొక్కా కఫ్‌కు మరకైంది.

"కాగితం ఇవ్వమంటారా సార్?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

హీరోగారు పెన్నుకు క్యాప్ పెట్టేశారు. "అక్షరమే నిలవలేదు. ఇవాళ వద్దులెండి, శకునం బాగాలేదు. తర్వాత చూద్దాం."

చలపతిరావు బయటికొచ్చి కారు దగ్గర కార్డును రుమాలుతో తుడిచాడు. సిరా మొత్తం పోయింది. సుబ్రహ్మణ్యం పేరు మాత్రం చెక్కుచెదరకుండా మెరిసింది.

"ఆయన ఇలా రాస్తారని మీకు ముందే తెలుసా?"

సుబ్రహ్మణ్యం నేల చూశాడు. చలపతిరావు రొయ్యకు తెగులొస్తే ఏ చెరువు ఖాళీ చేయాలో తెలిసిన మనిషి. కారు తిన్నగా శౌరి ప్రెస్సుకు పోనిచ్చాడు.

"దేవుళ్లనీ మిల్లునీ క్లబ్బునీ తీసేయండి. నా పేరు, కింద సంస్థ పేరు, ఒక్క ఫోన్ నంబరు. చుట్టూ ఖాళీ. మీరన్న ఆ మెరుపులేని మందపు కార్డే."

సుబ్రహ్మణ్యం నోరు తెరుచుకుని విన్నాడు. మొదటిరోజు మనసులో తాను గీసుకున్న కార్డు సరిగ్గా అదే.

"వెనకాల డైరెక్టరుగారి పేరు సార్?" అడిగాడు శౌరి.

"అక్కడ హీరోగారు రాయాలి. ఏమీ వేయకండి" అన్నాడు చలపతిరావు. "డైరెక్టరు ఎవరో ఇంకా అనుకోలేదు."