గోడకు ఆనించిన సైకిల్

స్టూడియోలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ‘నీడలక్క’ అనేవారు. కంప్యూటర్లో తయారైన వస్తువును నిజంగా తీసిన దృశ్యంలో నిలబెట్టి, అది అక్కడే పుట్టి పెరిగిందనిపించేలా నీడ పడేట్టు చేయడం ఆమె పని. నల్ల తెరలు కట్టిన గదిలో రెండు మానిటర్లు, ఒక కుర్చీ, ఆమె. మధ్యాహ్నం భోజనానికి కూడా తలుపు తీసేది కాదు. ఇంటికి వెళ్తే అక్కడా పలకరించే దిక్కు లేదు కాబట్టి, ఒంటరితనం ఆమెకు రెండు చోట్లా ఒకే కొలతలో ఉండేది.

ఆ వారం ఆమె దగ్గరికి ఒక షాట్ వచ్చింది. సాయంత్రపు ఎండలో ఖాళీ సందు, చివర ఎర్రమట్టి మెత్తిన గోడ. మనుషులు లేరు. కెమెరా కదలదు. ఎడిటింగంతా అయ్యాక, ఆ గోడకు ఎవరో ఆనించి వెళ్లిపోయిన సైకిల్ ఒకటి ఉంటే బాగుంటుందని దర్శకుడికి తోచింది. తోచడం ఆయన వంతు, తిప్పలు వీళ్ల వంతు.

ఆమె ముందుగా కంప్యూటర్లో ఒక నేల, ఒక గోడ పరిచింది. కంటికి కనిపించవు. సైకిల్ నీడను మాత్రం పట్టుకుని, కింద ఉన్న అసలు దృశ్యాన్ని ఆ మేరకు చీకటి చేస్తాయి. షాడో క్యాచర్ అంటారు వాటిని. అయితే ఆ నేల అసలు నేలతో కలవాలంటే కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఎంత వంగింది, ఏ లెన్సు అన్నవి తెలియాలి. వెలుతురు ఎటునుంచి పడుతోందో తెలియడానికి మామూలుగా షూటింగులో అద్దంలా మెరిసే ఇనుప గుండు ఒకటి పెట్టి ఫోటో తీసుకుంటారు. ఈ షాట్‌కు అవేవీ లేవు. అప్పటికి సైకిల్ ఆలోచనే లేదు మరి.

ఉన్న ఆధారం ఒక్కటే. ఫ్రేము కింద కుడి మూలన, నేల మీద కెమెరా నీడ, దాని వెనక ఒక మనిషి తల, భుజాలు.

“అది మన చెరుపుడు బాబాయి తుడిచేస్తాడులే,” అన్నాడు సూపర్‌వైజర్. “నువ్వు సైకిల్ నిలబెట్టు చాలు.”

“ఇప్పుడే తుడవద్దని చెప్పు. నాకదే దారి చూపించేది,” అంది ఆమె. కెమెరా నీడ తెర మీద ఎక్కడ పడితే, సూర్యుడు సరిగ్గా దానికి ఎదురుగా, కెమెరా వీపు వెనక ఉన్నట్టు లెక్క.

ఆ నీడను పెద్దది చేసి చూసింది. తల కాస్త ఎడమకు ఒరిగి ఉంది. మోచెయ్యి రెక్కలా బయటికి పొడుచుకొచ్చింది.

అది అన్నయ్య.

ఆమెకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. అమ్మ పోయినప్పుడు ఆయన ఎక్కడో కొండల్లో షూటింగులో ఉన్నాడు, వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. గుమ్మంలోకి అడుగుపెట్టిన మనిషిని బంధువులందరి ముందూ ఆమె అడిగిన మాట ఒక్కటే: “షాట్ ఓకే అయిందా అన్నయ్యా?” ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెనుదిరిగాడు. ఆ తర్వాత ఇద్దరూ నోటికి తాళాలు వేసుకున్నారు. తాళంచెవి ఎదుటివాళ్ల దగ్గరే ఉందని ఇద్దరి నమ్మకం.

ఆమె ఫోన్ చెయ్యదలచుకోలేదు. నీడను బట్టే లెక్క కట్టుకోవచ్చనుకుంది. అన్నయ్య ఎప్పుడూ నిలబడే తీస్తాడు, కెమెరా భుజమెత్తున ఉంటుంది. కంప్యూటర్లోనూ అలాగే పెట్టింది. సైకిల్ బొమ్మ సైకిలంత చిన్నదిగా వచ్చింది. సరైన సైజు రావడానికి కెమెరాను కిందికి వంచింది. సైజు కుదిరింది, తక్కినవన్నీ కుదురు తప్పాయి. గోడ ఎదురుగా ఉన్నట్టుంది, సైకిల్ మాత్రం మేడ మీంచి చూసినట్టు సీటు పైభాగం చూపిస్తోంది. వంపు తప్పడంతో సూర్యుడి లెక్కా తప్పింది. పక్కన గులకరాళ్ల నీడలు బారుగా సాగుతుంటే, సైకిల్ నీడ గోడ మీద పైకి ఎక్కకుండా అడుగునే చతికిలబడింది.

“గాల్లో వేలాడుతోందమ్మా,” అన్నాడు సూపర్‌వైజర్. “కెమెరామన్ని అడిగితే పోయేదానికి ఈ కుస్తీ ఎందుకు? ఇదిగో నంబరు.”

ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. తలుపు మూసి ఫోన్ చేసింది.

“ఎవరండీ?”

“గ్రాఫిక్స్ నుంచండీ. మట్టిగోడ షాట్ గురించి. లెన్సు, ఎత్తు కావాలి.”

అవతల ఎవరో దూరంగా లైట్లు ఆర్పమని కేకలేస్తున్నారు.

“ఇరవై నాలుగు ఎంఎం లెన్సు,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “వంపు లేదు, సమానంగా పెట్టాను. నేల నుంచి మూడడుగులు, ఓ వేలు తక్కువ.”

“అంత కిందికా? నువ్వెప్పుడూ నిలబడే కదా తీసేది!”

నోరు జారాక నాలుక కరుచుకుంది.

“ఇప్పుడు కుర్చీలో కూర్చుని తీస్తున్నా,” అన్నాడు ఆయన. “ఎడమ కాలు మాట వినడం మానేసింది. ఏడాది దాటింది.”

“నాకెవరూ చెప్పలేదు.”

“ఎవరు చెప్పాలి?”

“ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?” అని ఆమె అడిగేలోపు, “షాట్ రెడీ అంటున్నారు, ఉంటా,” అని పెట్టేశాడు.

ఆమె కంప్యూటర్లో కెమెరాను కిందికి దించింది. వంపు తీసేసింది. అన్నయ్య కూర్చున్న చోట నుంచి ఆ సందును చూడటం మొదలుపెట్టింది. నిలబడ్డ మనిషికి అందని చూపు అది. హ్యాండిల్ కంటికి ఎదురుగా వచ్చింది, సీటు పైభాగం మరుగైంది. సూర్యుడు దిగువకు జారాడు. చక్రాల నీడ నేల మీద కాస్త పాకి, గోడ ఎక్కి, కుడివైపు ఒరిగి నిలిచింది.

నీడ ఎంత నల్లగా ఉండాలో కూడా ఆ మనిషి నీడే చెప్పింది. అది నలుపు కాదు, ఆకాశం నీలం కలిసిన మట్టిరంగు. సైకిల్ నీడను దానితో సరిపోల్చింది. టైరు నేలను తాకే చోట అంచు పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా వదిలింది. కనిపించని గోడకు అసలు గోడ రంగే పూసింది. ఆ ఎరుపు మెరుపు సైకిల్ ఊచల మీద సన్నగా తేలింది. సైకిల్ బరువుగా, నిజంగా గోడకు ఆనుకుంది.

సూపర్‌వైజర్ చూసి, “ఎవరిదో గాని, తీసుకెళ్లడం మరిచిపోయినట్టుంది,” అన్నాడు. ఆ గదిలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

చెరుపుడు బాబాయి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వైర్లు, తాళ్లు, పొరపాటున దూరిన మనుషులు, అన్నీ తుడిచేసే చెయ్యి ఆయనది. “నీకు దారి చూపించేవాడి పని అయినట్టేనా? తుడిచెయ్యనా తల్లీ?”

“తుడిచెయ్యి బాబాయ్.”

ఆయన పక్కనున్న మట్టి తెచ్చి కొంచెం కొంచెంగా కప్పాడు. ముందు మోచెయ్యి పోయింది, తర్వాత భుజం, చివరికి ఒరిగిన తల. సందులో సైకిల్ ఒక్కటే మిగిలింది. ఆమె మొహం తిప్పుకోకుండా చూసింది.

ఆ షాట్ ఆమోదం పొందింది. ఆమె ఒక స్టిల్ తీసి అన్నయ్యకు పంపింది. ఏమీ రాయలేదు. చాలాసేపటికి జవాబు వచ్చింది: “నీడలో నీలం ఒక పిసరు ఎక్కువ.” చూస్తే నిజమే. తగ్గించింది.

అప్పటినుంచి షూటింగు ఉన్న రోజుల్లో ఆమె ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తోంది. లెన్సు, ఎత్తు, వంపు, సూర్యుడు ఎటున్నాడో. ఎవరూ అడగలేదు, ఆ షాట్లలో చాలావాటికి గ్రాఫిక్స్ పనే లేదు. ఆమె ప్రతిసారీ “అందింది” అని రాస్తుంది. ఒకసారి దాని కింద “కాలు ఎలా ఉంది?” అని చేర్చింది.

మర్నాటి సాయంత్రం దాకా జవాబు రాలేదు. వచ్చాక చదివింది: “కూర్చుంటే బాగానే ఉంటుంది. నువ్వు తిన్నావా?”

ఆమె లేచి గది తలుపు తీసింది. నడవాలో ఎవరూ లేరు. మూసేయకుండా వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఇంకా తినలేదని రాసింది.