తడి బూడిద

నది దాటి దలా రేవు దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే మన తెలుగువాళ్ల సందులో ఇళ్లన్నీ తాటాకులాంటి దని ఆకు కప్పులే. ఎండాకాలంలో ఆ ఆకు అప్పడంలా పెళపెళలాడుతుంది. అందుకే గాలి లేచే పది గంటలకల్లా వంట ముగించి, పొయ్యిలో నీళ్లు పోసి చల్లార్చాలని కట్టుబాటు. తప్పినవాళ్లు వానలు పడేదాకా పొయ్యి ముట్టించకూడదు.

సింహాచలమ్మ ఈ విషయంలో మహా చాదస్తురాలు. పొయ్యి పెరట్లో, కప్పుకు దూరంగా, మూడు వైపులా మట్టిగోడ కట్టి పెట్టుకుంది. రవ్వలు చిమ్ముతుందని వెదురు ముక్క ముట్టదు. తోడికోడలు రాధాకుమారిది మాత్రం ఇంట్లోనే పొయ్యి. పైన మసి బూజులు జడల్లా వేలాడుతున్నా దులపదు. చెబితే మూతి ముడుచుకునేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం రాధాకుమారి చుట్టాలొచ్చారని వెదురు చితుకులతో టీ పెట్టింది. రవ్వ ఎగిరి మసికి అంటుకుంది. కొక్కేలతో కప్పు లాగి పడేసేసరికి ఇల్లు బూడిద. మంట పాకకుండా పక్కనే ఉన్న సింహాచలమ్మ కప్పూ పీకేశారు. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.

సందు పెద్ద నరసింహం అందరినీ నిలబెట్టి అడిగాడు. "ఎవుల పొయ్యి?"

"అక్కదే. ఆ పెరట్లోంచే రవ్వ వొచ్చింది," అంది రాధాకుమారి, కళ్లు తుడుచుకుంటూ.

సింహాచలమ్మకు ఒళ్లు మండింది. "నా పొయ్యి బూడిదలో సెయ్యెట్టి సూడు బావా. తడిగా నేదా?"

నరసింహం చూశాడు. తడిగానే ఉంది.

"మంట లేచినాక పోసుంటాది," అంది రాధాకుమారి.

సింహాచలమ్మ నిశ్చింతగా మొగుడి వైపు తిరిగింది. పొద్దున తొమ్మిదిన్నరకు ఆ నీళ్లు పోసింది సత్యారావే. స్వయంగా కుండ వంచి, చెయ్యి పెట్టి చూసి మరీ పనిలోకి వెళ్లాడు. ఒక్క మాట చెబితే చాలు.

సత్యారావు తన తమ్ముడు, రాధాకుమారి మొగుడు బుల్లియ్య వైపు చూశాడు. వాడు కాలిన వాసం పట్టుకుని కూలబడి ఉన్నాడు.

"మా పొయ్యే అయ్యుంటాది," అన్నాడు సత్యారావు, నేల చూపులు చూస్తూ.

పాతికేళ్ల కాపురం. నిన్నటిదాకా 'పొయ్యంటే సింహాచలమ్మదే పొయ్యి' అన్నవాళ్లంతా ఇప్పుడు ఆమెను కొరకొరా చూస్తున్నారు.

జనం చెదిరాక అతను దగ్గరికొచ్చి గొణిగాడు. "ఆడి ఇల్లే పోయినాది. తప్పు కూడా ఆడి నెత్తినెట్టమంటావేటే? మనం తట్టుకోగలం."

"మనం కాదు. నాను," అంది ఆమె.

అతను కూలిన కప్పు వైపు చూశాడు. పొద్దున వండిన అన్నం దాని కింద మట్టిపాలైంది.

"ఆకలేత్తంది. కాసింత అన్నం వొండు."

"వానలు పడాలి," అంది సింహాచలమ్మ. "నువ్వే ఒప్పుకున్నావు గదా."