గుండ్రం బయట

రెబెక్క పోయిన రోజు తాండూరులో వాన లేదు, మబ్బు లేదు. కొడంగల్ రోడ్డు మీద లారీని దాటబోయి ఆటో బోల్తా పడింది. ఆమెతోపాటు ఆమె చేతిలోని ఫోను కూడా నలిగిపోయింది. ఆ ఫోనుతో ఏమేం పోయాయో మొదట ఎవరికీ తట్టలేదు.

తట్టినది హన్మమ్మకే. కూతురి కోసం చర్చిలో పెట్టుకున్న జ్ఞాపకార్థ కూడికకు రెండు రోజుల ముందు ఆమె కంది రైతుల సంఘం ఆఫీసుకు వచ్చింది. రెబెక్క అక్కడే పనిచేసేది. ఆఫీసులో కంప్యూటర్ పని చూసే నిరోషా కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది.

"గా టీవీల సూపిస్తరట గదా బిడ్డా, మీ అందరి మొకాలు. అండ్ల మా రెబెక్క ఉన్నదా?"

నిరోషా కంప్యూటర్ తిప్పి, మీటింగుల్లో తెర మీద వేసే స్లైడు చూపించింది. ఐదు గుండ్రాలు, అన్నీ ఒకే కొలత. ఐదుగురి కళ్లూ ఒకే వరుసలో ఉండేలా ముఖాలు సర్దింది తనే. కింద ఒక్కొక్క ముక్క: వెంకటేశం, అధ్యక్షుడు. నాగరాణి, కందుల నాణ్యత. మధ్యలో రెబెక్క, ఊళ్లలో రైతుల సమన్వయం.

హన్మమ్మ చాలాసేపు చూసింది. "గీ ఫోటోల నేను గూడ ఉంటి. క్రిస్మస్ నాడు, చర్చి ముంగట. దాని బుజం మీద చెయ్యేసి నిలవడ్డ. మేమిద్దరం కల్సి దిగింది గదొక్కటే, దాని ఫోన్ల ఉండె, ఫోన్ తోటే పాయె. నేనేడికి పోయిన?"

"ఉన్నవు పెద్దమ్మా. పక్కకు దాసిన, గంతే. తీసి ప్రింట్ కొట్టిచ్చి రేపిస్త. ఫికర్ చెయ్యకు."

ఆమెను బస్సెక్కించి వచ్చి, నిరోషా స్లైడు ముందు కూర్చుంది.

ఆ ఫోటో పెట్టిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. రెబెక్క ఫోనుకు వైరు తగిలించి నేరుగా స్లైడులోకే తెచ్చుకున్నారు, విడిగా దాచుకోలేదు. తల్లి పక్కనుంటే గుండ్రంలో రెబెక్క ముఖం చిన్నదైపోతోందని నిరోషా క్రాప్ చేసింది. భుజం మీది వేళ్లు కనబడకుండా ఫోటోను కాస్త కిందికి జరిపింది.

"మా అమ్మను కోస్తున్నవానే? సూస్తే ఊకుంటదా?" అని రెబెక్క నవ్వింది.

"కోస్తలేనే తల్లీ, మూత పెడ్తున్న. ఎప్పుడంటే అప్పుడు తియ్యొచ్చు."

ఇప్పుడు నిరోషా ఫోటో మీద నొక్కి క్రాప్ అన్నది. బొమ్మ అంచులకు నల్లటి గీతలు వచ్చాయి. వాటిని బయటికి లాగింది. బయట ఏమీ లేదు, తెల్లగా ఉంది.

కారణం వెంటనే తెలిసింది. ఆ మధ్య వికారాబాద్ జిల్లా ఆఫీసుకు పంపబోతే ఫైలు మరీ పెద్దదిగా ఉందని మెయిలు వెళ్లలేదు. వెంకటేశం తొందర పెడితే, ఫోటోల బరువు తగ్గించే మీట నొక్కింది. క్రాప్ చేసిన భాగాలు తుడిచెయ్యాలా అన్న గడిలో టిక్కు ముందే ఉంది. దాన్ని తియ్యలేదు. పాత ఫైలు మీదే అదే పేరుతో దాచేసింది.

బరువు తగ్గించక ముందు, మొదటిసారి చూపించినప్పుడు పెన్‌డ్రైవ్‌తో వికారాబాద్ మీటింగు హాలు కంప్యూటర్లో వేసిన కాపీ ఒకటి ఉండాలి. మర్నాడు పొద్దున రైలెక్కింది.

"గా కంప్యూటర్ ఖరాబైంది మేడం. అంత సాఫ్ చేసి కొత్తగ ఎక్కిచ్చిన్రు" అన్నాడు అక్కడి అటెండరు ఈరయ్య. ఆమె ముఖం చూసి, "జర కూసోండ్రి, నీళ్లు తెస్త" అన్నాడు.

తిరిగొచ్చేసరికి వెంకటేశం ఎదురుచూస్తున్నాడు. "సోమవారం గోదాము మీటింగ్. రెబెక్క జాగల కొత్తగ పనికొచ్చిన మల్లేశ్వర్ ఫోటో పెట్టు నిరోషా. చేంజ్ పిక్చర్ కొడితే గదే గుండ్రంల కూసుంటది గదా?"

"కూసుంటది సార్."

"బాధ నాకు లేదా? మీటింగ్ల ఎవరన్న అడిగితే ఏం జెప్పాలె, లేని మనిషిని సూపెట్టి?" అని, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోయాడు.

మార్చే ముందు చివరిసారిగా ఆమె గుండ్రం తీసేసి చతురస్రం ఎంచుకుంది. నాలుగు మూలలు తెరుచుకున్నాయి. తుడుపు చతురస్రం అంచు దగ్గరే ఆగింది, గుండ్రం చుట్టూ ఉన్న మూలలు మిగిలాయి. పై మూలల్లో చర్చి గోడ, ఒక పక్క కింద రెబెక్క చీర కొంగు. ఇంకో మూలలో, రెబెక్క భుజం మీద, నాలుగు వేళ్ల కొసలు. ఒక వేలికి పసుపు మరక.

హన్మమ్మలో మిగిలింది అంతే.

నలుగురు గుండ్రాల్లో, రెబెక్క ఒక్కతే మూలలతో. నిరోషా ఆ చతురస్రాన్ని ప్రింట్ తీసింది. ఆఫీసు ప్రింటరులో ముఖం కాస్త మసకగా వచ్చింది, వేళ్లు మాత్రం తెలుస్తున్నాయి. కవరులో పెట్టి బల్ల మీద ఉంచింది. ఫోను మోగింది. హన్మమ్మ. మోగి మోగి ఆగిపోయింది.

మల్లేశ్వర్ ఫోటో ఇంకా పెట్టలేదు. హన్మమ్మకు ఇంకా చెప్పలేదు.