పులిసిన పాకం

మిఠాయి దుకాణం వంటగదిలో పంచదార పాకం సంగతంతా పెద్దకోడలే చూసేది. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే చాలు, పనికొస్తుందో లేదో చెప్పేసేది. మొన్నటి జ్వరంతో ఆమెకు వాసన తెలియకుండా పోయింది. ఆ సంగతి తోటికోడలికి ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే మరిది పనివాళ్ళందరినీ పిలిచి, ఆమె ముందు ఒక డబ్బా పెట్టాడు.

“వదినా, ఇది వారం కిందటి పల్చటి పాకం. వాడొచ్చా?”

పైన నురగ లేదు. ఆమె చెంచా అందుకోబోయింది.

“రుచి దేనికి? నీ ముక్కు చాలుగా.”

ఆమె వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. ఏమీ తెలియలేదు. అందరూ తననే చూస్తున్నారు.

“బాగానే ఉంది,” అంది.

తోటికోడలు ఫక్కున నవ్వింది. “నురగంతా నేనే తీసేశానక్కా. పులిసిన కంపు గుమ్మం దాకా కొడుతోంది.”

అప్పుడు ఆమె సరిగ్గా చూసింది. ఎవరూ కదపని పాకంలో అడుగు నుంచి సన్నటి బుడగలు ఒక్కొక్కటే పైకొస్తున్నాయి.

“మళ్ళీ మరిగిస్తే...” అని నసిగింది.

“బుడగలు ఆగుతాయి. పులుపు పోతుందా? మాకు నేర్పింది నువ్వేగా,” అన్నాడు మరిది. ఆ పాకాన్ని ఆమె చేతే కాలువలో పారబోయించాడు. “ఇక నుంచి గిన్నెలు తోము. దానికి ముక్కుతో పనిలేదు.”

ఆమె ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర ఆమె పీట మీద తోటికోడలు కూర్చుని ఉంది.